గంట కొట్టండి బాబూ!

పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెప్పుకునే నేను, వేసవి సెలవుల్లో ఊరుకోలేక యూట్యూబ్ ఛానెల్ పెట్టాను. మొదటి వీడియో కొవ్వొత్తి ప్రయోగం. పళ్లెంలో రంగునీళ్లు పోసి, నడుమ కొవ్వొత్తి వెలిగించి, గాజు గ్లాసు బోర్లించాలి. ఫ్యాన్ వేస్తే కొవ్వొత్తి ఆరిపోతోంది, ఆపితే నేను కరిగిపోతున్నాను. మూడో టేకులో పక్కింటి కుక్కర్ కూత వేసింది. దాన్ని అలాగే ఉంచేశాను.

కొవ్వొత్తి ఆరగానే నీళ్లు గ్లాసులోకి జర్రున ఎక్కాయి. ఆక్సిజన్ ఖర్చయిపోయి ఆ చోటులోకి నీళ్లొచ్చాయని అందరూ చెప్తారు. నేనూ పదేళ్లు అదే చెప్పాను, దేవుడు క్షమించుగాక. అదే నిజమైతే మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు మెల్లగా ఎక్కుతూ ఉండాలి కదా! నిజానికి మంట వేడికి గ్లాసులో గాలి వ్యాకోచించి, కొంత అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది. అప్పుడు బయటి గాలి పీడనం నీళ్లను లోపలికి తోస్తుంది. కావాలంటే అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టండి, నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. గ్లాసులో ఆక్సిజన్ మాత్రం అంతేగా!

ఆరు వీడియోలయ్యాయి. ప్రతిదాని చివరా "కామెంట్ పెట్టండి, గంట కొట్టండి" అని బతిమాలాను. సబ్‌స్క్రైబర్లు 83. కామెంట్లు సున్నా.

బడి తెరిచిన రోజు వెనక బెంచీ కుర్రాడు లేచాడు. "మేడమ్, కామెంట్ పెట్టమంటారు, పెట్టే చోటే లేదు. గంట కొట్టమంటారు, గంటే లేదు."

ఇంటికెళ్లి చూస్తే తప్పు నాదే. ఛానెల్ పిల్లల కోసం చేసిందేనా అని సెట్టింగుల్లో అడిగితే, "మరి ముసలాళ్ల కోసమా?" అనుకుని అవునన్నాను. ఆ ప్రశ్న అడిగేది చిన్నపిల్లల వీడియోల గురించిట. అవునంటే కామెంట్లూ గంటా రెండూ మూసేస్తారు. కాదని మార్చాను.

నాలుగు రోజుల్లో 100! మావారు మైసూర్‌పాక్ తెచ్చారు. పెట్టె విప్పేసరికి 99. మర్నాడు 100, సాయంత్రానికి 99. వారం రోజులు ఇదే వరస.

ఊళ్లో ఉన్న అత్తయ్య ఫోన్ చేశారు. "నువ్వు చెప్పినట్టే రోజూ చేస్తున్నానమ్మా. సబ్‌స్క్రైబ్ నొక్కుతాను, గంట వస్తుంది. గంట నొక్కితే ఏదో జాబితా వస్తుంది. మనకు పైవన్నీ ఎందుకులే అని అన్నిటికంటే అడుగున ఉన్నది నొక్కుతాను."

అడుగున ఉన్నది అన్‌సబ్‌స్క్రైబ్.

ఏడో వీడియో చివర నేను చేతులు జోడించి చెప్పాను: "అత్తయ్యా, మీరు మాత్రం గంట కొట్టకండి."