సంతాప సభకు సరిపోయే వీడ్కోలు ప్రసంగం

“విదేశంలోని సహోద్యోగి రిటైరవుతుంటే ఈ రెండు లైన్లు చాలు, ఏ దేశానికైనా పనికొస్తాయి: ‘రెస్పెక్టెడ్ సర్, ఆన్ యువర్ సూపరాన్యుయేషన్ వి సెల్యూట్ యువర్ గ్రేట్ ఫస్ట్ ఇన్నింగ్స్. నౌ టేక్ కంప్లీట్ రెస్ట్ ఇన్ యువర్ సెకండ్ ఇన్నింగ్స్. థ్యాంక్యూ, డాంకె, గ్రాసియాస్, అరిగాతో!’ కాగితం చూసి చదవండి, అందరికీ షేర్ చేయండి.”

ఈ సందేశాన్ని నాకు పంపిన మిత్రులలో కొందరు నిజంగానే విదేశీయులతో కలిసి పనిచేస్తున్నారు కనుక, దీనిని నవ్వి వదిలేయలేకపోతున్నాను. హైదరాబాదు, మ్యూనిక్, పోలండ్‌లోని క్రాకోవ్, బ్రెజిల్‌లోని సావోపాలో నగరాలలో ఉన్నవారు ఒకే బృందంగా పనిచేస్తున్నారని, మ్యూనిక్‌లోని ఒక మహిళ పదవీ విరమణ చేస్తున్నారని, వీడియో కాల్‌లో మన తరఫున ఒకరు మాట్లాడాలని అనుకుందాం.

‘రెస్పెక్టెడ్ సర్’ గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఇన్నేళ్లూ పేరుతో పిలిచిన మనిషిని చివరి రోజున సర్ అని పిలిస్తే దూరం పెరుగుతుంది. పైగా ఇక్కడ ఆమె సర్ కూడా కాదు. సూపరాన్యుయేషన్ మన ప్రభుత్వ ఉత్తర్వులలో మామూలు మాటే అయినా, ఆస్ట్రేలియాలో వింటే పింఛను పొదుపు నిధి గుర్తుకు వస్తుంది. రిటైర్మెంట్ అంటే అందరికీ తెలుస్తుంది.

అసలు చిక్కు ఇన్నింగ్స్ దగ్గర ఉంది. క్రికెట్ ఎరిగిన మనకు రెండో ఇన్నింగ్స్ అంటే ఉత్సాహం. క్రాకోవ్‌లోనూ సావోపాలోలోనూ ఉన్నవారిలో చాలామందికి అది ఏ ఆటకు చెందినదో కూడా తెలియదు. కాల్‌లో ఎవరైనా తమ భాషలో యాంత్రిక అనువాదపు క్యాప్షన్లు పెట్టుకుని వింటుంటే అక్కడ ఏమి కనిపిస్తుందో ఊహించలేము. అర్థం కాకపోవడం ఒక ఎత్తయితే, అర్థం కావడం మరో ఎత్తు. నిండు వయసులో కన్నుమూసిన వారిని తలచుకుంటూ ‘ఆయన మంచి ఇన్నింగ్స్ ఆడారు’ అనడం బ్రిటిష్ ఇంగ్లీషులో వాడుక. ఆ వెంటనే సంపూర్ణ విశ్రాంతి తీసుకొమ్మన్నారు కూడా! ఇన్నింగ్స్‌కు సెల్యూట్, ఆపైన విశ్రాంతి. ఇక రెండు నిమిషాలు మౌనం పాటిస్తే కార్యక్రమం శాస్త్రోక్తంగా ముగుస్తుంది.

రిటైరైతే పని పూర్తిగా ఆగిపోతుందని ఆ విశ్రాంతి సలహా వెనుక ఉన్న ఊహ కూడా తప్పే. జర్మనీలో 1964లోనూ ఆ తరువాతా పుట్టినవారికి సాధారణ పింఛను వయసు 67 ఏళ్లు. 35 ఏళ్ల పింఛను బీమా కాలం నిండినవారు కొంత కోతకు ఒప్పుకుని 63 నుంచే పింఛను తీసుకోవచ్చు. అలా ముందుగా తీసుకునేవారు పని చేసి ఎంత సంపాదించవచ్చన్న పరిమితిని 2023 జనవరి నుంచి ఎత్తివేశారు. ఆమె వారానికి రెండు రోజులు మరోచోట పని చేయబోతున్నారేమో, మనకేం తెలుసు? ఆమె స్వయంగా చెబితే తప్ప, రేపటి దినచర్యను మనం నిర్ణయించకూడదు.

నాలుగు భాషలలో కృతజ్ఞతలు చెబితే బహుభాషా బృందానికి తగినట్టవుతుందనడం మరో వింత. జాబితాలో జపానీయుల మాట ఉంది, ఈ బృందంలో జపానీయులు లేరు. పోలిష్, పోర్చుగీసు మాట్లాడేవారున్నారు, వారి మాట లేదు. చివరన ఆమె భాషలో ఒక్క ‘డాంకె’ చాలు.

అయితే ఈ సందేశంలో రెండు విషయాలు సరైనవేనని ఒప్పుకోక తప్పదు. రెండు వాక్యాల నిడివి మంచిది, ఎందుకంటే ఇంగ్లీషు సొంత భాష కాని శ్రోతకు ప్రసంగం సాగేకొద్దీ శ్రద్ధ సడలవచ్చు. కాగితం చూసి చదవమనడం ఇంకా మంచి సలహా. కంఠస్థం చేసినవారు తడబాటు భయంతో వేగం పెంచుతారు.

ఆ కాగితం మీద ఉండవలసింది ఆమె చేసిన పని, అందరూ చూసినది ఒక్కటి. కొత్తగా చేరినవారు ఒకే సందేహాన్ని రెండోసారి అడిగినా ఆమె విసుక్కోకుండా చెప్పేవారనుకోండి. అప్పుడు ముందుగా ఆమె పేరు పలికి, ఒక క్షణం ఆగి, ఇలా చదవవచ్చు: “థ్యాంక్యూ ఫర్ ఆన్సరింగ్ అవర్ క్వశ్చన్స్ విత్ పేషన్స్, ఈవెన్ వెన్ వి ఆస్క్‌డ్ ద సేమ్ క్వశ్చన్ ట్వైస్. వి విల్ మిస్ యు ఇన్ అవర్ మండే మీటింగ్, అండ్ వి విష్ యు గుడ్ హెల్త్ అండ్ మెనీ హ్యాపీ ఇయర్స్. డాంకె.” నెమ్మదిగా చదివినా అర నిమిషానికి మించదు. ఇందులో సామెత లేదు, ఆట లేదు, వయసు ప్రస్తావన లేదు. అనువాద యంత్రం కూడా పెద్దగా పొరబడదు. మొదటి వాక్యంలోని సంగతి మీ బృందానికి నిజం కాకపోతే నిజమైన సంగతిని పెట్టుకోండి, దీనిని మాత్రం యథాతథంగా ఫార్వర్డ్ చేయకండి.

చదవడం మొదలుపెట్టే ముందే ఆ వాక్యాలను కాల్‌లోని చాట్‌లో ఉంచితే, మన ఉచ్చారణ అందని క్రాకోవ్ సహోద్యోగి కూడా చదువుకుంటూ వినగలరు. ఆమె పేరును జర్మనులు ఎలా పలుకుతారో మాత్రం ముందురోజే మ్యూనిక్‌లోని మరొకరిని అడిగి, తెలుగు లిపిలో కాగితం మీద రాసి పెట్టుకోవాలి.