సవరణ: వాంతి అయ్యాక ఓఆర్‌ఎస్ గురించి

"పిల్లాడు వాంతి చేసుకుంటే ఓఆర్‌ఎస్ ఆపేయమని మీ పోస్టులో ఉంది, మరి విరేచనాలతో పోయిన నీరు ఎలా తిరిగొస్తుంది?"

అక్కడ నేను రాసింది తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, మళ్లీ మొదలుపెట్టాలి, ఈసారి ఇంకా నెమ్మదిగా. దాహంతో ఉన్న బిడ్డ గ్లాసు అందిస్తే గటగటా తాగేస్తాడు, కడుపు ఒక్కసారిగా నిండి అదంతా బయటికొస్తుంది, చూసినవాళ్లు ఓఆర్‌ఎస్ పడట్లేదనుకుంటారు. చాలాసార్లు సమస్య తాగించే వేగంలోనే ఉంటుంది.

రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి నీళ్ల విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ. ఇవ్వాలి. 100 మి.లీ. అంటే 5 మి.లీ. చెంచాతో 20 చెంచాలు. వాంతి అయిన బిడ్డకు రెండు మూడు నిమిషాలకొక చెంచా చొప్పున పడితే 40 నిమిషాల నుంచి గంట పడుతుంది. ఓపిక కావాలి, నిజమే, కానీ ఇలా ఇచ్చింది ఎక్కువగా లోపలే ఉంటుంది. తల్లిపాలు మాత్రం ఆపొద్దు.

బిడ్డ చిరాకుగా ఉండి, కళ్లు లోతుకుపోయి, నీళ్ల కోసం ఆత్రపడుతుంటే కొంత నీరు తగ్గినట్టే, అదే రోజు డాక్టరుకు చూపించండి. మగతగా పడి ఉన్నా, తాగలేకపోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత రెండు సెకన్లు దాటినా పోకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తాగగలిగితే దారిలో చెంచాతో పడుతూ ఉండండి.