మడమ ముందే లేస్తే బార్ పైకి రాదు

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారయ్యేవాళ్లు, వాలీబాల్ ఆడే కుర్రాళ్లు, జిమ్‌లో బరువుల బార్‌ని నేల మీద నుంచి ఒక్క ఊపులో భుజాల మీదకి లేపే క్లీన్‌ని కొత్తగా మొదలుపెట్టినవాళ్లు. విశాఖలో వీళ్లంతా ఒకే నమ్మకంతో చెమటోడుస్తున్నారు. ఎత్తుకి దూకాలంటే పిక్కలు పెంచాలన్నదే ఆ నమ్మకం. అందుకే జిమ్‌లో మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించుతారు, ఆర్కే బీచ్ ఇసుకలో మునివేళ్ల మీద గెంతుతారు. బార్ పట్టుకున్నవాడికి పక్కనున్నవాడు ఇచ్చే సలహా కూడా ఒకటే: "మడమలు లేపరా, మడమలు లేపు!"

ఆ సలహా తప్పు. క్లీన్‌లో గానీ నిలువు దూకులో గానీ చీలమండ తోపు చివర రావాలి. దాన్ని ముందుకి తెచ్చినవాడు తన తొడల బలాన్నీ తుంటి బలాన్నీ తనే కోసుకుంటున్నాడు.

క్లీన్‌లో జరిగేది ఒకసారి వరసగా చూడండి. నేల మీద నుంచి మోకాలి దాకా బార్‌ని లేపేది ప్రధానంగా తొడలు. మోకాళ్లు తెరుచుకుంటాయి, వీపు వాలు పెద్దగా మారదు. బార్ మోకాలు దాటాక నడుం పైకి లేస్తుంది, మోకాళ్లు మళ్లీ కొద్దిగా మడుచుకుని బార్ కిందకి వస్తాయి. ఇది చాలామంది గమనించరు, ఎందుకంటే కంటికి ఆనేంత సేపు ఉండదు. బార్ తొడ పైభాగానికి చేరేసరికి మనిషి దాదాపు దూకబోయే భంగిమలో ఉంటాడు. వీపు నిలువుగా, మోకాళ్లు కాస్త వంగి, పాదం మొత్తం నేల మీద. అక్కణ్నుంచి అసలు పేలుడు. లిఫ్టర్లు దాన్ని సెకండ్ పుల్ అంటారు. మంచి లిఫ్టర్‌కి అది సెకనులో అయిదో వంతుకి అటూ ఇటూగా ముగిసిపోతుంది. అంత తక్కువ వ్యవధిలోనూ తుంటి, మోకాలు, చీలమండ ఒకేసారి తెరుచుకోవు. తుంటి మొదలుపెడుతుంది, మోకాలు అందుకుంటుంది, చీలమండ ముగిస్తుంది. నిలువు దూకులోనూ ఇదే వరస.

ఈ వరస ఎందుకు? నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే. మోకాలు బాగా వంగి ఉన్నప్పుడు అది కొంచెం తెరుచుకున్నా తుంటి చాలా పైకి లేస్తుంది. మోకాలు తిన్నగా అయ్యే దశకి వచ్చాక మాత్రం అంతే కోణం తెరుచుకున్నా పైకి వచ్చే ఎత్తు దాదాపు ఏమీ ఉండదు. పైగా ఆ వేగంతో వెళ్లి పూర్తిగా బిగుసుకుపోతే కీలు దెబ్బ తింటుంది, కాబట్టి చివర్లో దాని వేగాన్ని తగ్గించి తీరాలి. అంటే తొడ కండరం ఇంకా బలంగా పనిచేస్తున్న సమయంలోనే మోకాలి దగ్గర ఆ బలానికి ఉపయోగం తగ్గిపోతోంది. మరి ఆ బలం ఎటు పోవాలి?

పిక్క పైపొర కండరం దారి చూపిస్తుంది. అది మోకాలికి పైన, తొడ ఎముక వెనక మొదలై, మోకాలిని దాటి కిందకి దిగి, మడమ వెనకున్న లావుపాటి స్నాయువు ద్వారా మడమ ఎముకకి అతుక్కుంటుంది. రెండు కీళ్లని దాటే కండరం అది. అది బిగిసి ఉన్నప్పుడు మోకాలు తెరుచుకుంటే ఏమవుతుంది? తాడు పై కొసని లాగితే కింది కొస కదిలినట్టు, మడమ పైకి లేస్తుంది. మోకాలు తెరుచుకోవడంలో పుట్టిన శక్తిలో కొంత వృథా కాకుండా చీలమండకి చేరి నేలని తోస్తుంది. తొడ ముందువైపు కూడా తుంటినీ మోకాలినీ దాటే కండరం ఒకటుంది. అది పిరుదుల శక్తిని మోకాలికి అందిస్తుంది. పిరుదుల నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకి ఇలా చేతులు మారుతుంది. చీలమండ దగ్గర కనిపించే తోపంతా పిక్క సొంత సంపాదన కాదు. అందులో పైవాళ్లు పంపిన వాటా ఉంది.

ఇప్పుడు మడమని ముందే లేపినవాడి సంగతి. బార్ ఇంకా తొడ మధ్యలో ఉండగానే అతని పిక్క కుంచించుకుపోయింది. మోకాలు తెరుచుకునే వేళకి ఆ కండరంలో బిగింపు మిగల్లేదు, స్నాయువులో సాగుదల మిగల్లేదు. పైనుంచి వచ్చే శక్తిని అందుకోవాల్సినవాడు అప్పటికే పని ముగించేశాడు. రెండో నష్టం తూకానిది. మడమ లేవగానే ఒంటి బరువూ బార్ బరువూ మునివేళ్ల మీదకి వెళ్తాయి, బార్ ముందుకి జరుగుతుంది. తుంటి తెరుచుకున్నప్పుడు అది తొడకి తగిలి పైకి పోకుండా ముందుకి ఊగుతుంది.

గాజువాకలోని ఒక జిమ్‌లో ఇలాంటి కుర్రాణ్ని చూశాను. ఒంటి బరువు 70 కేజీలు. 80 కేజీల క్లీన్ దగ్గర ఆగిపోయాడు. స్క్వాట్‌లో బలం బాగానే ఉంది. లోపం పిక్కల్లో ఉందనుకుని రోజూ మడమలు ఎత్తి దించేవాడు. ఫోన్‌ని తుంటి ఎత్తులో పక్కనుంచి పెట్టి, సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్‌లో తీశాం. ఫ్రేములు ఒక్కొక్కటిగా జరుపుతూ చూస్తే, బార్ మోకాలు దాటిందో లేదో మడమ నేల వదిలేసింది. మోకాలు తిన్నగా అయింది మరో 40 ఫ్రేముల తర్వాత. అంటే సెకనులో ఆరో వంతు సేపు అతను మునివేళ్ల మీద నిలబడి బరువు లాగుతున్నాడు. పేలుడు మొత్తానికి పట్టే సమయమే దాదాపు అంత. బార్ ఒంటికి జానెడు దూరం వెళ్లింది. దాన్ని అందుకోవడానికి అతను సగం బూటంత ముందుకి గెంతాడు.

దీని ఖరీదు లెక్క కట్టొచ్చు. చేతుల లాగుడు పక్కన పెడితే, పేలుడు చివర బార్ వేగం సెకనుకి 1.5 మీటర్లు ఉంటే, అక్కణ్నుంచి ఆ వేగంతోనే అది 11 సెంటీమీటర్లకి పైగా లేస్తుంది. వేగం 1.3కి పడిపోతే ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. తేడా సుమారు మూడు సెంటీమీటర్లు. చూడ్డానికి చిన్నదే, కానీ మోచేతులు బార్ కిందనుంచి తిరిగి రావడమా, బార్ ఛాతీ మీద నుంచి జారిపోవడమా అన్నది ఆ మూడు సెంటీమీటర్లే తేలుస్తాయి.

దిద్దుబాటు కూడా కష్టం కాలేదు. బరువు 60 కేజీలకి దించాడు. బార్ మోకాలు దాటాక ఒకసారి, తొడ పైభాగంలో ఒకసారి ఆగి, రెండుచోట్లా పాదం మొత్తం నేలకి ఆనిందని చూసుకుని అప్పుడు లేచాడు. మెత్తటి రన్నింగ్ బూట్లు విప్పించాం, ఎందుకంటే ఆ స్పాంజి సోలు అణుగుతూ ఉంటే పాదం ఎక్కడ తోస్తోందో తెలియదు. పాదాల ముందు చాక్ పౌడర్‌తో గీత గీశాం. లిఫ్ట్ అయ్యాక పాదం ఆ గీత దాటకూడదు. "మడమలు లేపు" అనే మాట మానేసి "నేలని తొయ్యి" అన్నాం. కొన్నాళ్లకి తీసిన వీడియోలో మోకాలు దాదాపు తిన్నగా అయ్యాకే మడమ లేచింది. 80 కేజీలు గీత దాటకుండా పట్టాడు. పిక్కల వ్యాయామం ఒక్కటి కూడా కొత్తగా చేర్చలేదు.

పిక్కలు పెంచమనేవాళ్ల మాటలో న్యాయం లేదనను. చీలమండని కట్టేసి దూకమంటే ఎవరి ఎత్తయినా పడిపోతుంది. వాలీబాల్‌లో రోజుకి వందసార్లు దూకి దిగేవాడికి బలమైన పిక్క, గట్టి స్నాయువు లేకపోతే గాయాలు తప్పవు. పోటీల ఫొటోల్లో పెద్ద లిఫ్టర్లు మునివేళ్ల మీద నిలబడి కనిపించే మాటా నిజం. కానీ ఫొటోలో ఉన్నది చివరి క్షణం. మడమ అక్కడికి ఎప్పుడు చేరిందో ఫొటో చెప్పదు.

బలం పెరిగితే ఎత్తు దానంతట అదే పెరుగుతుందన్న వాదన కూడా నిలవదు. డచ్ పరిశోధకులు మార్టెన్ బాబర్ట్, వాన్ సోస్ట్ 1994లో కంప్యూటర్‌లో ఒక దూకే శరీరాన్ని కట్టి ఈ విషయాన్ని పరీక్షించారు. కండరాల బలం పెంచి, అవి పనిచేసే సమయాల్ని మాత్రం పాతవే ఉంచితే దూకు ఎత్తు తగ్గింది. కొత్త బలానికి తగ్గట్టు సమయాల్ని సరిచేశాకే పెరిగింది. పిక్కలు పెంచుకుని, దూకు మాత్రం పాతలాగే దూకేవాళ్లు ఈ ఫలితం గురించి ఆలోచించాలి.

బీచ్ ఇసుక గురించి కూడా చెప్పాలి. పొడి ఇసుకలో తోసినప్పుడు పాదం కిందకి దిగుతుంది, ఆఖరి తోపులో కొంత ఇసుకని జరపడానికే ఖర్చవుతుంది. తోసే సమయం సాగుతుంది, స్నాయువు విదిలింపు పలచబడుతుంది. దమ్ము పెంచుకోవడానికి ఇసుక మంచిదే, దిగేటప్పుడు కీళ్లకీ సుఖమే. లాంగ్ జంప్‌లో మాత్రం దిగేది ఇసుకలో అయినా పైకి లేచేది గట్టి నేల మీద నుంచి. ఆ ఆఖరి తోపుని గట్టి నేల మీదే నేర్చుకోవాలి.

ఇదంతా చూసినప్పుడల్లా నాకు మన క్రీడల ఖర్చు గుర్తొస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో బరువులెత్తడం మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కేజీలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడ లిఫ్టర్ల ఊరిగా పేరు తెచ్చుకుంది. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. ఈ ఊళ్లకి గొప్ప స్టేడియాలు లేవు. పక్కన నిలబడి, మడమ ఎప్పుడు లేచిందో పట్టుకునే కళ్లున్నాయి. విశాఖలో ఇవాళ ఏ కాలనీలో చూసినా ఏసీ జిమ్ ఉంది, రంగురంగుల ప్లేట్లున్నాయి. క్లీన్‌ని పక్కనుంచి చూసి తప్పు చెప్పగల మనిషి మాత్రం వెతికితే గానీ దొరకడు. క్రీడలకి డబ్బు అనగానే మనకి గ్యాలరీలు, ఫ్లడ్‌లైట్లు గుర్తొస్తాయి. కోచ్ పోస్టులు మాత్రం చివర్లో, మిగిలితే.

ఆ పోస్టులు నిండేదాకా ఆగనవసరం లేని పని ఒకటుంది. జిల్లా స్థాయి పోటీల్లో ప్లాట్‌ఫామ్‌కి పక్కగా ఒక ఫోన్ పెట్టి ప్రతి లిఫ్ట్‌నీ స్లోమోషన్‌లో తీసి, పోటీ అయ్యాక ఆ వీడియోని లిఫ్టర్‌కే ఇచ్చేయాలి. లాంగ్ జంప్ పలక దగ్గరా అదే చేయాలి. స్కూళ్ల వ్యాయామ ఉపాధ్యాయులకి ఇచ్చే శిక్షణలో ఒక పూట ఆ వీడియోలకే కేటాయించి, తుంటి ఏ ఫ్రేములో కదిలింది, మోకాలు ఏ ఫ్రేములో తిన్నగా అయింది, మడమ ఏ ఫ్రేములో లేచింది అని వాళ్లచేతే లెక్క పెట్టించాలి.