యాభై నిమిషాల పరుగుకు ఉప్పు పొడి ఎందుకు?

ఈ ఉదయం జరిగింది చెప్పకపోతే నాకు తోచదు. యాభై నిమిషాల పరుగు ముగిసింది. గాలి స్తంభించిన ఉక్కపోత, అందరి బట్టలూ పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. కొత్తగా చేరిన ఒకావిడ సీసా తీసి మంచినీళ్లు తాగబోతుంటే మా కోచ్ అడ్డుపడ్డాడు. "ఒట్టి నీళ్లు తాగితే ఒంట్లో ఉన్న ఉప్పు కూడా కొట్టుకుపోతుందమ్మా, ముందు ఇది కలుపుకోండి" అని ఒక ఎలక్ట్రోలైట్ పొడి ప్యాకెట్ చేతిలో పెట్టాడు. ఆవిడ భయపడి సీసా మూత పెట్టేసింది. దాహంతో ఉన్న మనిషిని నీళ్లంటే భయపడేలా చేయడం ఏం శిక్షణ?

మీలో చాలామంది ఈ మాట వినే ఉంటారు. చెమట ఉప్పగా ఉంటుంది కాబట్టి చెమట పడితే ఒంట్లో ఉప్పు తగ్గిపోతుందని ఒక నమ్మకం. చెమటతో ఉప్పు పోయే మాట నిజమే. అయితే రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోళ్లు ఉంటే, చెమటలో చాలామందికి 20 నుంచి 80 దాకానే ఉంటుంది. అంటే ఉప్పు కంటే నీరే ఎక్కువ పాళ్లలో పోతుంది. ఏమీ తాగకుండా చెమట కారుస్తూ పోతే రక్తంలో సోడియం సాంద్రత పడిపోదు, పెరుగుతుంది. అందుకే దాహం వేస్తుంది. ఆ దాహం అడిగేది నీళ్లనే.

ఆ యాభై నిమిషాల్లో ఆవిడకు లీటరు చెమట పోయిందనుకుందాం. దానిలో సోడియం సుమారు ఒక గ్రాము. ఉప్పు లెక్కన రెండున్నర గ్రాములు, అరచెంచాకు లోపే. ఆ తర్వాత మామూలుగా భోజనం చేస్తే అది తిరిగి వచ్చేస్తుంది. గంట, గంటన్నర లోపు సాధనకు, ఆపైన భోజనం ఉన్నప్పుడు, మంచినీళ్లు చాలు. పొడి తాగితే ఆరోగ్యవంతులకు పెద్ద నష్టమేమీ లేకపోవచ్చు. రక్తపోటుకు మందులు వాడేవాళ్ల సంగతి ఎవరైనా అడిగారా? పొద్దున ఆవిడను ఎవరూ అడగలేదు.

ఉక్కపోతలో అందరినీ బెదరగొట్టేది కారే చెమట. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆవిరి కాదు, బొట్టుబొట్టుగా రాలిపోతుంది. రాలిన చెమట ఒంటిని చల్లబరచదు. ఒళ్లు చల్లబడలేదు కాబట్టి శరీరం ఇంకా చెమట పోస్తుంది. అప్పుడు చేయాల్సింది వేగం తగ్గించడం, నీడ వెతుక్కోవడం. ఏ పొడీ ఆ వేడిని తగ్గించలేదు. వాతావరణానికి అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు ఇస్తే శరీరమే సర్దుకుంటుంది: చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది, కానీ దానిలో ఉప్పు తగ్గుతుంది. కొత్తవాళ్లకు చెప్పాల్సింది ఇది కదా!

ఇక నా అసలు కోపం వేరే ఉంది. అది చాలా రోజులుగా లోపల ఉడుకుతోంది.

పోయిన వేసవిలో ఒక సుదీర్ఘ పరుగులో మా మిత్రుడు ఒకరు ప్రతి మజిలీలోనూ తాగాడు, దాహం వేసినా వేయకపోయినా. తాగమని చెప్పిందీ ఈ కోచ్‌లే, "దాహం వేసేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే" అని. చివర్లో అతనికి తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది. నీరసించాడని చుట్టూ ఉన్నవాళ్లు ఇంకా నీళ్లు పోశారు. ఆస్పత్రిలో రక్తం పరీక్షిస్తే సోడియం తక్కువ. అతను కోలుకున్నాడు. ఆ నీళ్లు పోసినవాళ్లు మాత్రం ఇప్పటికీ "ఉప్పు తీసుకోకపోవడం వల్లే" అంటున్నారు.

కాదు. లెక్క వేసి చూడండి. 70 కిలోల మనిషి ఒంట్లో నీరు సుమారు 42 లీటర్లు. మూడు గంటల్లో 3.1 లీటర్ల చెమట పోయింది, లీటరుకు 45 మిల్లీమోళ్ల సోడియంతో. మూత్రం సంగతి పక్కన పెట్టి, రక్తంలో సోడియం 140తో మొదలైందనుకుందాం. లీటరున్నర మంచినీళ్లు తాగితే చివరికి సుమారు 142 ఉంటుంది, ఏ ఇబ్బందీ లేదు. నాలుగున్నర లీటర్లు తాగితే 132కు పడిపోతుంది. అదే నాలుగున్నర లీటర్లు మంచినీళ్లకు బదులు దుకాణంలో దొరికే స్పోర్ట్స్ డ్రింక్ తాగినా 134 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే దానిలో సోడియం లీటరుకు 20 మిల్లీమోళ్ల చుట్టుపక్కలే ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ ముంచింది తాగిన పరిమాణమే. పైగా దీర్ఘ శ్రమలో వాసోప్రెసిన్ అనే హార్మోన్ పెరిగి, మూత్రపిండాలు అదనపు నీటిని బయటికి పంపలేకపోతాయి.

2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా తేలింది. దానితో అన్నిటికంటే గట్టిగా ముడిపడింది పరుగులో బరువు పెరగడం. ఏ పానీయం తాగారన్న దానితో సంబంధం కనిపించలేదు. ఇన్నేళ్లయినా ఈ మాట మన మైదానాలకు చేరలేదంటే నాకు కోపం రాదా?

ఎలక్ట్రోలైట్లు అసలు అక్కరలేదని నేను అనడం లేదు. రెండు, మూడు గంటలు దాటి, పోయిన చెమటలో చాలా భాగాన్ని నీళ్లతో పూడ్చుకుంటూ వెళ్లేవాళ్లకు సోడియం కావాలి. బట్టలు ఆరాక తెల్లటి చారలు మిగిలేవాళ్లకు, అదే రోజు మళ్లీ సాధన ఉన్నవాళ్లకు ఇంకా కావాలి. ఐదు గంటల్లో ఐదు లీటర్లు పోయి, ఐదూ మంచినీళ్లే తాగితే ఆ 70 కిలోల మనిషి సోడియం 135 కిందికి జారుతుంది. నాలుగు లీటర్లతో ఆపితే 138. ఎవరికి ఎంత పోతుందో తెలియాలంటే ముందూ తర్వాతా బట్టలు తీసేసి బరువు చూసుకోవాలి. తగ్గిన బరువుకు తాగినదాన్ని కలిపి, మూత్రంగా పోయినదాన్ని తీసేసి, గంటలతో భాగిస్తే గంటకు చెమట ఎంతో వస్తుంది. కొందరికి అర లీటరు, కొందరికి రెండు లీటర్లు. ఈ తేడా తెలియకుండా అందరికీ ఒకే ప్యాకెట్ ఎలా పంచుతారు?

కండరం పట్టేసిన ప్రతిసారీ ఉప్పు మీద నేరం మోపడమూ ఆపండి. చాలాసార్లు అది అలసిన కండరం గోల, సాగదీస్తే వదులుతుంది.

కోచ్‌లందరికీ నా డిమాండ్ ఒక్కటే. మైదానంలో ఒక బరువు యంత్రం పెట్టండి. పరుగు తర్వాత బరువు పెరిగినవాళ్లకు తలనొప్పి, వాంతులు ఉంటే నీళ్లు ఆపేయండి. మాట తడబడుతుంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి, సోడియం పరీక్ష చేయమని అడగండి. ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ కావచ్చు, ముందు చల్లని నీళ్లతో ఒళ్లు తడుపుతూ చల్లార్చండి. ఆపైన ఆ నోటికి సీసా అందించే ముందు, ఇప్పటిదాకా ఎంత తాగాడో పక్కవాళ్లనైనా కనుక్కోండి.