మే నెల ఎండ, మూడు కిలోవాట్ల ప్యానెళ్లు: తిరుగుతున్న ఒక సందేశానికి ఖండన

"ఎండ ఎంత మండితే సోలార్ అంత కరెంటు ఇస్తుంది, మే నెలలో మీటరు గిర్రున తిరగాలి. ప్యానెల్ నూటికి ఇరవై పాళ్లే కరెంటుగా మారుస్తుందట, మిగతా ఎనభై కంపెనీలే కావాలని తొక్కిపెడుతున్నాయి. మూడు కిలోవాట్లు కొన్నాక గంటకు మూడు యూనిట్లు రావలసిందే, రాకపోతే సరుకు నాసిరకం. కాస్త నీడ పడితే పోయేది కూడా కాస్తే."

ముందు వేడి సంగతి. మన డాబాల మీద సోలార్ అన్న ఒక్క పేరుతోనే రెండు వేరు వేరు వస్తువులు ఉంటాయి. నీళ్లు కాచే గొట్టాల హీటరుకు కావలసింది వేడి. కరెంటు ఇచ్చే ప్యానెల్‌కు కావలసింది వెలుతురు. ప్యానెల్‌లోని సిలికాన్ పలకకు, అంటే సెల్‌కు, కాంతికణం, అంటే ఫోటాన్, తగిలినప్పుడు దాని శక్తితో ఒక ఎలక్ట్రాన్ తానున్న బంధం నుంచి విడివడుతుంది. రెండు రకాల సిలికాన్ కలిసే సంధి దగ్గర సహజంగానే ఒక విద్యుత్ క్షేత్రం ఉంటుంది కాబట్టి, విడివడిన ఎలక్ట్రాన్ ఒకే వైపుకు నెట్టబడి తీగలోకి వస్తుంది. ఈ పనిలో వేడికి పాత్ర లేకపోగా, అది అడ్డు కూడా. సిలికాన్ వేడెక్కే కొద్దీ విడివడిన ఎలక్ట్రాన్లు తీగను చేరకముందే తిరిగి బంధాలలో మిగిలిన ఖాళీలలో పడిపోవడం ఎక్కువవుతుంది, దానితో సెల్ ఇచ్చే వోల్టేజి డిగ్రీకి సుమారు రెండు మిల్లీవోల్టుల చొప్పున పడిపోతుంది. వేడికి కరెంటు ప్రవాహం కొద్దిగా పెరిగే మాట నిజమే కానీ, అది వోల్టేజి నష్టాన్ని పూడ్చేంత కాదు.

ఇది ఎంత నష్టమో ఒక ప్యానెల్ మీద లెక్క వేసి చూద్దాం. ఇప్పుడు ఇళ్ల మీద తరచుగా కనిపించే 540 వాట్ల ప్యానెల్ వెనుక అంటించిన చీటీ మీది ఆ అంకె, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడుతూ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలే ఉన్నప్పుడు ప్రయోగశాలలో కొలిచినది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో గాలి వేడి 42 డిగ్రీలు ఉందనుకుంటే, నిండు ఎండలో ఉన్న సెల్ దానికంటే ముప్పై ఒక్క డిగ్రీలు పైన, అంటే 73 దగ్గర ఉంటుంది. చీటీ మీది 25 కంటే ఇది 48 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 0.35 శాతం తరుగు వేస్తే దాదాపు 17 శాతం పోయి, 540 వాట్ల ప్యానెల్ 450 వాట్ల దగ్గర ఆగుతుంది. ఇందులో దుమ్ము లెక్క ఇంకా కలపలేదు.

దీనికి తోడు, మే మధ్యలో విజయవాడలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరానికి ఉంటాడు. మన ప్యానెళ్లు మాత్రం దక్షిణానికి వాలి ఉంటాయి. మార్చిలో అదే సూర్యుడు వాటికి దాదాపు ఎదురుగా నిలుస్తాడు, వేడి కూడా అంత ఉండదు. అందుకే చాలా ఇళ్లలో రోజువారీ యూనిట్లు మార్చిలోనే బాగుంటాయి. చెమటలు పట్టించే ఎండను చూసి మీటరును అంచనా వేయకూడదు.

ఇక ఎనభై పాళ్ల ఆరోపణ. ఈ సందేశంలో నిజంగా వివరించవలసిన మాట ఇదే, ఎందుకంటే ఇందులోని అంకె తప్పు కాదు, దానికి కట్టిన కారణమే తప్పు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అంతకు తక్కువ శక్తి ఉన్న ఫోటాన్లు, అంటే 1100 నానోమీటర్లు దాటిన పరారుణ కాంతి, ఎన్ని కోట్లు వచ్చి పడినా ఒక్క ఎలక్ట్రాన్‌ను కూడా కదిలించలేవు. రెండు బలహీనమైన ఫోటాన్లు కలిసి ఒక బలమైన ఫోటాన్ పని చేయడం మామూలు సెల్‌లో జరగదు. ఎండలోని శక్తిలో ఐదో వంతు ఇలా పోతుంది. నీలి రంగు ఫోటాన్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. దాని దగ్గర కావలసిన దానికంటే రెట్టింపు పైగా శక్తి ఉన్నా అది విడిపించేది ఒక్క ఎలక్ట్రాన్‌నే, మిగిలిన శక్తి క్షణంలోనే వేడిగా మారి పలకలోనే ఉండిపోతుంది. పది రూపాయల టికెట్‌కు యాభై నోటు ఇచ్చి చిల్లర తీసుకోకుండా బస్సు దిగినట్టన్న మాట. ఈ చిల్లర లెక్క మొత్తం శక్తిలో మూడో వంతు దాకా ఉంటుంది.

ఈ రెండూ పోగా మిగిలేది సగానికి కొంచెం తక్కువ. అది కూడా పూర్తిగా చేతికి రాదు. ఎలక్ట్రాన్ 1.12 వోల్టుల మెట్టు ఎక్కినా, తిరిగి కలిసిపోయే ఎలక్ట్రాన్ల వల్ల మంచి సెల్ కూడా 0.7 వోల్టుల దగ్గరే ఆగుతుంది. 1961లో షాక్లీ, క్వైసర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇటువంటి ఒకే సంధి ఉన్న సెల్ ఎండలో మూడో వంతును మించి విద్యుత్తుగా మార్చలేదని లెక్కగట్టి చూపారు. సిలికాన్‌కు ప్రత్యేకంగా ఉన్న ఇతర నష్టాలను కూడా కలిపితే ఆ హద్దు 29 శాతం చిల్లరకు దిగుతుంది. ప్రయోగశాలల్లో అత్యుత్తమ సిలికాన్ సెళ్లు 27 శాతం దాటాయి. మనం కొనేవి 20 నుంచి 23 మధ్య ఉంటాయి. మన 540 వాట్ల ప్యానెల్ వైశాల్యం సుమారు 2.6 చదరపు మీటర్లు కాబట్టి, దాని మీద పడే 2600 వాట్లలో 540 అంటే 21 శాతం. కంపెనీలను తిట్టడానికి వేరే కారణాలు ఉంటే ఉండవచ్చు కానీ, ఎనభై పాళ్లను దాచిపెట్టారన్న నింద మాత్రం నిలవదు. ఆ హద్దును దాటాలంటే వేరు వేరు రంగులను పట్టే పదార్థాలను పొరలుగా పేర్చాలి. ఉపగ్రహాల ప్యానెళ్లలో చేసేది అదే, వాటి ఖరీదు డాబాకు పనికిరాదు.

మూడో మాటకు జవాబు పైన వేసిన లెక్కలోనే ఉంది. ఆరు ప్యానెళ్లు కలిపి చీటీ మీద 3240 వాట్లు ఉన్నా, మే మధ్యాహ్నం వేడి తరుగు, ఇన్వర్టర్ తరుగు, కాస్త దుమ్ము పోను 2500 వాట్లు కనిపిస్తే సరుకు బాగున్నట్టే. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో ఇంకా తగ్గుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఏడాది సగటున కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్ల చుట్టూ వస్తుంది, అంటే ఈ ఇంటికి పన్నెండు, పదమూడు.

నీడ విషయంలో సందేశం చెప్పినది నష్టం కలిగించే మాట. ప్యానెల్‌లో సెళ్లు ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా ఉంటాయి. నీడ పడిన సెల్ తాను ఇవ్వలేని కరెంటును తన గుండా పోనివ్వదు కాబట్టి గొలుసంతా దాని స్థాయికి దిగజారుతుంది. అది వేడెక్కి కాలిపోకుండా ప్యానెల్‌ను మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి కరెంటుకు పక్కదారి ఇచ్చే ఒక బైపాస్ డయోడ్ పెడతారు. ఆ డయోడ్ పనిచేస్తే ఆ మూడో వంతు మొత్తం పక్కకు తప్పుకుంటుంది. పక్కింటి బాదం చెట్టు నుంచి ఒక ఆకు మా ప్యానెల్ మీద రాలి, మంచు తడికి అతుక్కుపోయింది. అది కప్పినది సగానికి కోసి పేర్చిన 144 సెళ్లలో ఒకటో రెండో. అటువంటి ఆకు ఆ ప్యానెల్‌లో మూడో వంతు దాకా మింగగలదు.

ఏది ఎందుకు తగ్గిందో ఇన్వర్టర్ యాప్‌లోని గీత చూస్తే చాలావరకు తెలుస్తుంది. రోజూ అదే వేళకు మెట్టు దిగినట్టు పడి, కాసేపటికి మళ్లీ లేస్తే అది నీడ: ట్యాంకుదో, డిష్ యాంటెన్నాదో. అడ్డదిడ్డంగా రంపపు పళ్లలా ఉంటే మబ్బు. వారాల తరబడి మెల్లగా కుంగి, ఒక వాన పడగానే లేచి కూర్చుంటే దుమ్ము. నున్నటి గుట్టలా ఉంటూ, మార్చి గుట్ట కంటే కాస్త పొట్టిగా ఉంటే, అది మే నెల వేడి చేసిన పని.