ముందు పనుల లెక్క ఒక్కసారి వేస్తే వరుస రాదు

“టోపలాజికల్ సార్ట్ చాలా తేలిక. ప్రతి పనికీ ముందు ఎన్ని పనులు కావాలో లెక్కపెట్టండి, చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు పేర్చండి, అయిపోయింది. వచ్చే వరుస ఎప్పుడూ ఒక్కటే. కాన్ పద్ధతిలో చివరికి కొన్ని పనులు మిగిలిపోతే, అవే సైకిల్.”

ఏ పనికైనా ముందు కావలసినవి దానికన్నా ముందే వచ్చేలా పనులను వరుసలో పెట్టడమే టోపలాజికల్ సార్ట్. పనులు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ చుట్టు తిరిగి మొదటికే వస్తే అది సైకిల్. పై మాటల్లో అంకెల పేర్పు, ఒక్కటే వరుస, మిగిలినవే సైకిల్ అనే మూడూ తప్పే. మొదటి సూత్రాన్ని ఇల్లు కట్టే పనుల మీద పెట్టి చూద్దాం. పునాది అయ్యాక గోడలు. గోడలు లేచాక మూడు పనులు చేయొచ్చు: శ్లాబు, కరెంటు పైపులు, నీటి పైపులు. ఆ మూడూ అయితేనే ప్లాస్టరింగ్. ప్లాస్టరింగ్ అయ్యాక రంగులు. ముందు చేయాల్సిన పని నుంచి దాని తర్వాతి పనికి ఒక్కో బాణం గీస్తే మొత్తం 7 పనులు, వాటి మధ్య 8 బాణాలు.

ఇప్పుడు లెక్క వేయండి. పునాదికి 0. గోడలకు 1, శ్లాబుకు 1, రెండు రకాల పైపులకూ చెరో 1. ప్లాస్టరింగ్‌కు 3. రంగులకు? నేరుగా కావలసింది ప్లాస్టరింగ్ ఒక్కటే కాబట్టి 1. ఈ అంకెల ప్రకారం పేరిస్తే రంగులు ముందు, ప్లాస్టరింగ్ అన్నిటికన్నా చివర వస్తాయి. ఇన్‌పుట్ ఏ క్రమంలో ఇచ్చినా ఈ తప్పు తప్పదు.

కాన్ 1962లో ప్రచురించిన పద్ధతిలో అసలు ప్రాణం ఆ అంకెలు మారుతూ ఉండడంలోనే ఉంది. ఒక పని పూర్తయిన ప్రతిసారీ, దాని కోసం ఎదురుచూస్తున్న పనుల అంకె ఒకటి తగ్గాలి. సున్నాకు చేరిన పని అప్పుడే సిద్ధమైనట్టు.

```python
for nxt in after[task]:
    pending[nxt] -= 1
    if pending[nxt] == 0:
        ready.append(nxt)
```

పునాది తీసేస్తే గోడల అంకె సున్నా అవుతుంది. గోడలు తీసేస్తే ఆ మూడు పనులూ ఒకేసారి సిద్ధమవుతాయి. అవి ఒక్కొక్కటీ పూర్తవుతుంటే ప్లాస్టరింగ్ అంకె 3 నుంచి 2, 1, 0కి దిగుతుంది. అప్పుడు గానీ రంగుల వంతు రాదు.

అయితే ఆ సూత్రం వెనకున్న ఊహ పూర్తిగా వ్యర్థం కాదు. నేరుగా కావలసినవే కాకుండా, వాటికి ముందు కావలసినవి, వాటికీ ముందు కావలసినవి, అన్నీ కలిపి లెక్కపెడితే ఆ పేర్పు నిజంగానే సరైనది. మన ఉదాహరణలో పునాదికి 0, గోడలకు 1, మధ్య మూడు పనులకు చెరో 2, ప్లాస్టరింగ్‌కు 5, రంగులకు 6. ఒక పనికి ముందు కావలసినవన్నీ దాని తర్వాతి పనికీ కావాలి, పైగా ఆ పని కూడా కావాలి. కాబట్టి అంకె పెరిగే తీరాలి. కాకపోతే పనులూ బాణాలూ చాలా ఉన్న పెద్ద గ్రాఫ్‌లో ప్రతి పనికీ ఈ మొత్తం లెక్క తీయడానికి కాన్ పద్ధతి కన్నా చాలా ఎక్కువ శ్రమ పడుతుంది.

తప్పుడు కోడ్ ఎందుకు బతికిపోతుందో కూడా చెప్పాలి. ఒకదాని వెనక ఒకటిగా ఉన్న గొలుసును సరైన క్రమంలోనే ఇచ్చి పరీక్షిస్తే, మొదటిది తప్ప అన్నిటి అంకే 1. సమానమైనవాటి క్రమాన్ని కదపని సార్ట్ వాటిని ఉన్నచోటే ఉంచుతుంది, జవాబు సరిగ్గా వచ్చినట్టే కనిపిస్తుంది. ఇన్‌పుట్‌ను కలగాపులగం చేసి ఇవ్వండి. తర్వాత ఒక్కో బాణాన్నీ తీసుకుని, దాని మొదలు దాని కొస కన్నా ముందు వచ్చిందో లేదో చూడండి.

వరుస ఒక్కటే అన్నది ఇంకా తేలిగ్గా వీగిపోతుంది. శ్లాబు, రెండు పైపుల పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడలేదు కాబట్టి ఈ ఇంటికే 6 సరైన వరుసలున్నాయి. వరుసలో పక్కపక్కన ఉన్న ప్రతి జంట మధ్యా నేరుగా బాణం ఉంటేనే అది ఏకైక వరుస.

మిగిలినవే సైకిల్ అన్న మూడో మాటే అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేస్తుంది. ఎవరో “ప్లాస్టరింగ్ అయ్యాకే నీటి పైపులు” అని ఇంకో బాణం గీశారనుకుందాం. కాన్ పద్ధతి పునాది, గోడలు, శ్లాబు, కరెంటు పైపులు ఇచ్చి ఆగిపోతుంది. మిగిలినవి మూడు: నీటి పైపులు, ప్లాస్టరింగ్, రంగులు. రంగులకు ఈ సైకిల్‌లో ఏ పాత్రా లేదు. ముందున్నవి ఇరుక్కుంటే అదీ ఆగిపోయింది, అంతే. నిజమైన జాబితాల్లో ఇలా రెండు పనుల చిక్కు వెనక ఎన్నో పనులు నిలిచిపోతాయి, జనం వాటన్నిటి బాణాలూ తిరగేస్తూ కూర్చుంటారు.

సైకిల్‌ను పట్టడానికి వెనక్కి నడవాలి. మిగిలిన ఏ పని దగ్గరైనా మొదలుపెట్టి, దానికి ముందు కావలసినవాటిలో తానూ మిగిలిపోయినదానికి వెళ్లండి. అలాంటిది కనీసం ఒకటి ఉండే తీరుతుంది, లేకపోతే ఆ పని అంకె సున్నా అయ్యేది. రంగుల నుంచి ప్లాస్టరింగ్, అక్కడి నుంచి నీటి పైపులు, మళ్లీ ప్లాస్టరింగ్. రెండోసారి తగిలిన చోటు నుంచి చుట్టు మొత్తం సైకిలే. ముందుకు నడిస్తే మాత్రం రంగుల దగ్గర దారి లేక ఆగిపోతారు.

దొరికాక ఏదో ఒక బాణం చెరిపేయకండి. ఇక్కడ రెండు బాణాలు గీసినవాళ్లూ నిజమే చెప్పారు: గోడలో పైపులు వేయడం ప్లాస్టరింగ్‌కు ముందు, కుళాయిలు బిగించడం తర్వాత. రెండు పనులకు ఒకే పేరు పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. దాన్ని రెండుగా విడదీస్తే ఏ బాణమూ పోకుండానే 8 పనులూ వరుసలోకి వస్తాయి.