వార్త సరే, శీర్షిక సంగతేంటి?

"సాసేజ్ తిన్నా సిగరెట్ తాగినా ఒకటే!" ఒక దినపత్రికలో పెద్ద అక్షరాలతో వచ్చిన శీర్షిక ఇది. చూసి కొందరు టెన్షన్ పడ్డారు, ఇంకొందరు నవ్వి వదిలేశారు. కింద ఉన్న వార్తను ఓపిగ్గా చదివితే మాత్రం విలేకరి చాలావరకు సరిగ్గానే రాశారని తెలుస్తుంది. తేడా అంతా పై వరుసలోనే ఉంది. శీర్షికలు సాధారణంగా విలేకరులు పెట్టరు, డెస్కులో సబ్ ఎడిటర్లు పెడతారు. అందుకని ఎడిటర్‌కు ఉత్తరం రాయాలని కూర్చున్నప్పుడు విలేకరిని దులిపేద్దామన్న సరదాను ముందే పక్కన పెట్టాను.

అసలు విషయం 2015 అక్టోబర్ నాటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, సాసేజ్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని తన క్యాన్సర్ కారకాల జాబితాలోని మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు కూడా ఆ గ్రూపులోనే ఉంది. "రెండూ ఒకటే" అన్న మాట అక్కడే పుట్టింది. అయితే ఆ గ్రూపు చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదన్నది మాత్రమే. ముప్పు ఎంత పెద్దదో అది చెప్పదు. ఎండ, మద్యం కూడా అదే గ్రూపులో ఉన్నాయి మరి! ముప్పు పరిమాణం కావాలంటే, ఆ సంస్థే అప్పట్లో ఉటంకించిన అంచనాలు చూడాలి. ప్రపంచం మొత్తం మీద ఏటా క్యాన్సర్ మరణాల్లో పొగాకు వల్ల జరిగేవి సుమారు 10 లక్షలు. ప్రాసెస్ చేసిన మాంసం ఎక్కువగా తినడం వల్ల జరిగేవని చెప్పదగ్గవి సుమారు 34 వేలు.

ఇక శీర్షిక కిందే మెరిసిన 18 శాతం. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నది నిజమే. కానీ దేనిమీద 18 శాతం? లెక్క కోసం, వెయ్యిమందిలో 50 మందికి జీవితకాలంలో ఈ జబ్బు వస్తుందనుకుందాం. ఆ వెయ్యిమందీ రోజూ 50 గ్రాములు తింటే 50 కాస్తా 59 అవుతుంది. అంటే అదనంగా తొమ్మిది మంది. తొమ్మిది మందంటే తీసిపారేసే సంఖ్య కాదు. అలాగని వందలో పద్దెనిమిది మందికి క్యాన్సర్ వస్తుందనీ కాదు. శీర్షిక చూసిన చాలామందికి అర్థమైంది మాత్రం అదే.

చివరికి ఉత్తరం ఇలా తయారైంది:

"ఎడిటర్ గారికి నమస్కారం. ప్రాసెస్ చేసిన మాంసం, సిగరెట్ ఒకే గ్రూపులో ఉండటానికి కారణం రెండింటి మీదా సాక్ష్యం గట్టిగా ఉండటమే. ముప్పు సమానమని కాదు. మీ వార్త నాలుగో పేరాలో ఈ మాట స్పష్టంగానే ఉంది. శీర్షిక మాత్రం దానికి విరుద్ధంగా ఉంది. ఈ మాంసం తగ్గించడం మంచిదన్న మీ వార్త సారాంశంతో నాకు పేచీ లేదు. రెండూ ఒకటే అంటే, సిగరెట్ మానలేనివారు 'తిండి కూడా అంతేగా' అనుకునే ప్రమాదం ఉంది. 'రోజూ ప్రాసెస్డ్ మాంసం తింటే పేగు క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది' అని శీర్షిక మార్చగలరని కోరుతున్నాను."

ఇందులో వాళ్ల శీర్షికను యథాతథంగా మళ్లీ రాయలేదు. తప్పు వాక్యాన్ని నేనూ అచ్చేయిస్తే, ఉత్తరం పైపైన చూసినవారికి మళ్లీ అదే గుర్తుంటుంది. వాళ్ల నాలుగో పేరానే సాక్షిగా నిలబెట్టాను. పత్రిక తన వార్తతో తానే వాదించుకోదు కదా. "సిగ్గుచేటు", "బాధ్యతారాహిత్యం" లాంటి మాటలు మొదటి చిత్తులో ఉండేవి, కొట్టేశాను. అవి ఉంటే ఎడిటర్ జవాబిచ్చేది నా కోపానికే, లెక్కకు కాదు. సాధారణంగా పత్రికలు ఉత్తరాలను చిన్నవిగా, వార్త వచ్చిన కొద్ది రోజుల్లోనే పంపమంటాయి. అందుకే 18 శాతం లెక్కంతా ఉత్తరంలో ఇరికించలేదు.

ఆ లెక్కను విడిగా, సవరణలు చూసే విభాగానికి పంపాను. ప్రచురణకు రాసే ఉత్తరం, సవరణ కోరే ఉత్తరం రెండూ వేరు. మొదటిది పాఠకుడి అభిప్రాయంగా ఏదో మూల అచ్చవుతుంది, శీర్షిక మాత్రం అలాగే ఉండిపోతుంది. రెండోదానికి పత్రిక తప్పు దిద్దాలి, లేదా ఎందుకు దిద్దడం లేదో చెప్పాలి. అందులో ఇంకో విన్నపం కూడా చేర్చాను. వార్త లింకును పంచుకుంటే కనిపించే శీర్షిక చాలాసార్లు వేరుగా ఉంటుంది. పేజీలోది మార్చినా అది పాతదే మిగిలిపోవచ్చు. రెండూ మార్చమని పేరుపేరునా అడిగాను.